బకెట్టు మనమే చేసుకోవాలా, బయట కొనాలా: మిర్యాలగూడ వర్క్‌షాపు లెక్కతో తరచుగా అడిగే ప్రశ్నలు

మిర్యాలగూడ చుట్టూ రైసు మిల్లులు ఎన్నో, వాటికి సామాను చేసిచ్చే చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్లు కూడా అన్ని. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు మిల్లులోకి వచ్చాక పైఅంతస్తుకు ఎక్కేది ఎలివేటర్ బెల్టు మీద, ఆ బెల్టుకు నట్లు బిగించిన ఇనుప బకెట్లలో. నేను ఇలాంటి షెడ్లకు పద్దులు రాస్తాను. ఈ కింది ప్రశ్నలన్నీ ఒకే షెడ్డు చుట్టూ తిరుగుతాయి. లెక్క తేలిగ్గా అర్థం కావాలని అంకెలను గుండ్రం చేశాను.

అసలు ప్రశ్న ఎలా మొదలైంది?

ఈ షెడ్డులో నెలకు 1,000 బకెట్లు తయారవుతాయి. హైదరాబాద్ నుంచి ఒక సప్లయరు వచ్చి అదే సైజు బకెట్టు షెడ్డుకు చేర్చి 108 రూపాయలకు ఇస్తానన్నాడు. యజమాని ఆ రోజు సాయంత్రమే ఫోన్ చేశాడు. "సార్, నూట ఎనిమిదికి షెడ్డు కాడికి తెచ్చిస్త అంటున్నడు. మనకు నూట ముప్పై పడుతున్నది. ఇంక మనం చేసుడెందుకు?"

ఆ నూట ముప్పై నేను రాసిన పద్దులోదే. బకెట్టుకు 22 రూపాయలు, నెలకు 22,000 మిగులుతాయని ఆయన లెక్క వేసుకున్నాడు. కూడిక, తీసివేతల్లో తప్పేమీ లేదు. తప్పంతా ఆ 130 లోపల ఏమేం ఉన్నాయో విప్పి చూడకపోవడంలో ఉంది.

ఆ 130 రూపాయల్లో ఏముంది?

ఒక్కో బకెట్టుకు ఇలా పడింది:

ఇనుప షీటు (తుక్కు అమ్మిన డబ్బు తీసేశాక): 62
పీసు లెక్కన కూలి: 16
కరెంటు, వెల్డింగు, ప్రైమరు: 7
బకెట్ల పనికే పెట్టుకున్న హెల్పరు జీతం: 9
ఫోర్‌మన్ జీతంలో వాటా: 11
ప్రెస్సు తరుగుదల: 13
షెడ్డు అద్దెలో వాటా: 12

ఇప్పుడు ఒక్కో వరుస మీద వేలు పెట్టి ఒకటే అడగాలి: రేపటి నుంచి బకెట్లు కొనుక్కుంటే ఈ డబ్బు నా చేతిలో మిగులుతుందా? షీటు కొనం కాబట్టి 62 మిగులుతుంది. పీసు కూలి ఉండదు, 16 మిగులుతుంది. కరెంటు, వెల్డింగు, ప్రైమరు తాలూకు 7 మిగులుతుంది. హెల్పరును వేరే చోటికి పంపగలిగితే 9 మిగులుతుంది. అక్కడితో సరి. ఫోర్‌మన్ మిగతా పనులకు ఎలాగూ ఉండాలి, జీతం ఇవ్వాలి. ప్రెస్సు ఎప్పుడో కొన్నది. షెడ్డును అద్దెకిచ్చిన మనిషి అద్దెలో ఒక్క రూపాయి తగ్గించడు.

కాబట్టి మనం చేసుకోవడానికి నిజంగా పెడుతున్నది 94. కొంటే 108. కొన్న ప్రతి బకెట్టుకూ 14 రూపాయల నష్టం, నెలకు 14,000.

నమ్మకం కుదరకపోతే ఇంకో దారిలో చూడండి. ఇప్పుడు నెలకు మొత్తం ఖర్చు 1,30,000. కొనడం మొదలుపెడితే సప్లయరుకు 1,08,000 ఇస్తాం. దాంతోపాటు ఫోర్‌మన్ వాటా 11,000, తరుగుదల 13,000, అద్దె వాటా 12,000 పద్దులో అలాగే కూర్చుంటాయి. కలిపితే 1,44,000. బకెట్ల పేరు మీద నుంచి తీసేసినా ఆ 36,000 ఎక్కడికీ పోదు, షెడ్డులో చేసే మిగతా సామాను నెత్తిన పడుతుంది. అప్పుడు మిగతా సామాను ఖరీదు పెరిగినట్టు కనిపిస్తుంది. ఇంకో సప్లయరు వచ్చి "అది కూడా నేనే ఇస్తా" అంటాడు. ఇలా ఒక్కొక్క పనీ బయటికి పంపుకుంటూ పోయి, చివరకు ఖాళీ షెడ్డుకు అద్దె కట్టిన వాళ్లను నేను చూశాను. ఈ పేజీ రాయడానికి అదే కారణం.

అంటే మీరు రాసిన 130 తప్పుడు లెక్కా?

కాదు. సంవత్సరాంతంలో షెడ్డులో మిగిలిన బకెట్లకు విలువ కట్టాలంటే తయారీకి సంబంధించిన అద్దె, తరుగుదల వాటా కూడా కలపాలి, అకౌంటింగు పద్ధతి అదే. మిల్లుకు చెప్పే ధర కూడా ఏడాది మొత్తం మీద ఈ ఖర్చులన్నిటినీ రాబట్టాలి. 94 అని తేలింది కదా అని 100కు అమ్మితే ఏడాది తిరిగేసరికి అద్దె ఎక్కడి నుంచి కడతారు? 94 అనేది "చేయాలా, కొనాలా" అన్న ఒక్క ప్రశ్నకే జవాబు. అమ్మే ధరకు దాన్ని వాడకండి.

ప్రెస్సుకు 7,80,000 పెట్టాను. అది లెక్కలోకి రాదంటే మనసు ఒప్పుకోవడం లేదు.

అందరికీ ఇక్కడే కష్టమవుతుంది, అర్థం చేసుకోగలను. మూడేళ్ల కింద ప్రెస్సు కొన్నారు. అయిదేళ్లకు పంచితే నెలకు 13,000 తరుగుదల. మూడేళ్లలో 4,68,000 పద్దులో తీసేశాం, ఇంకా 3,12,000 మిగిలింది. ఆ 3,12,000 ఇంకా "వసూలు కావాల్సిన" డబ్బులా కనిపిస్తుంది. కానీ ఆ డబ్బు బకెట్లు చేసినా పోయింది, చేయకపోయినా పోయింది. రెండు దారుల్లోనూ ఒకేలా ఉండే మొత్తం దారిని ఎంచుకోవడానికి సాయపడదు. కామర్స్ పుస్తకాల్లో దీన్నే మునిగిన వ్యయం అంటారు.

ఈ పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. ఒకరు తరుగుదల కలిపి "మనకు ఎక్కువ పడుతోంది" అని కొనడానికి పోతారు. ఇంకొకరు "అంత పెట్టి కొన్న ప్రెస్సును ఖాళీగా ఎలా ఉంచుతాం" అని, బయట నిజంగానే చవకగా దొరుకుతున్నా చేస్తూనే ఉంటారు. కొన్న ధరే ఇద్దరినీ పట్టుకుని ఉంది.

లోన్ ఇంకా నడుస్తోంది. ఈఎంఐ కట్టాలి కదా, అది మునిగినది ఎలా అవుతుంది?

ఈఎంఐ రేపు కట్టాల్సిన డబ్బే, నిజం. అయినా బకెట్లు మానేశామని బ్యాంకు ఒక్క కిస్తీ కూడా మాఫీ చేయదు. చేసినా, కొన్నా ఒకే కిస్తీ. కాబట్టి రేపటి ఖర్చైనా సరే, తప్పని ఖర్చు లెక్కలోకి రాదు. పాతదా, కొత్తదా అన్నది కాదు చూడాల్సింది. మన నిర్ణయంతో మారుతుందా, లేదా అన్నది చూడాలి.

ప్రెస్సును అమ్మేస్తే?

ఇప్పుడు లెక్కలోకి కొత్త డబ్బు వచ్చింది, దీన్ని వదలకూడదు. కొన్న ధర, పద్దులో మిగిలిన విలువ రెండూ పక్కన పెట్టండి. ఈరోజు అమ్మితే చేతికి ఎంత వస్తుందో అది మాత్రమే చూడండి.

పాత మిషన్లు కొనేవాళ్లు 2,50,000 ఇస్తామన్నారనుకుందాం. రెండేళ్లు వాడి అమ్మితే 1,00,000 వస్తుంది. అంటే రెండేళ్లు ఉంచుకుంటే 1,50,000 కరుగుతుంది, నెలకు 6,250. ఆ 2,50,000 చేతికి వస్తే 8 శాతం వడ్డీ అప్పు తీర్చుకోవచ్చు, అది నెలకు ఇంకో 1,667. కలిపి 7,917. ప్రెస్సును ఉంచుకోవడానికి నిజంగా అవుతున్న ఖర్చు ఇది. పద్దులోని 13,000 కాదు.

కొంటే నెలకు 14,000 నష్టమని ముందు తేలింది. అమ్మితే అందులో 7,917 తిరిగొస్తుంది. ఇంకా మనమే చేసుకోవడం మేలు, కానీ తేడా సగానికి పైగా తగ్గింది. అందుకే ఇలాంటి లెక్కలో మిషను ఈరోజు ధర అడిగి తెలుసుకోకుండా ముందుకు పోవద్దు.

అద్దె ఎప్పుడూ తప్పని ఖర్చేనా?

ఒప్పందం నడుస్తున్నంత కాలం అంతే. అయితే బకెట్ల పని ఆపితే ఖాళీ అయ్యే మూలను ఎవరికైనా గోడౌనుగా 8,000కు ఇవ్వగలిగితే, ఆ 8,000 మనం వదులుకుంటున్న రాబడి. అద్దె వాటా 12,000 అని పద్దులో రాసుకున్నా ఇక్కడ పని చేసే అంకె 8,000. వట్టి ఆశ చాలదు, ఆ మూలను అద్దెకు తీసుకుంటాననే మనిషి ఎదురుగా ఉండాలి.

ఈ షెడ్డులో ఒక ముచ్చట నాకు బాగా గుర్తుండిపోయింది. ప్రెస్సు అమ్మకం ఒక్కటే లెక్కను తిప్పలేదు. మూల అద్దెకివ్వడం ఒక్కటే కూడా తిప్పలేదు. రెండూ కలిస్తే 15,917 అయింది, 14,000 దాటింది, కొనడమే 1,917 మేలని తేలింది. అంటే సగం మానేయడం నష్టం, పూర్తిగా మానేయడం లాభం. అయితే ఆ ప్రెస్సు మీదే సీజనులో వేరే పని కూడా నడుస్తుంది. అమ్మితే ఆ రాబడి కూడా పోతుంది కాబట్టి యజమాని అమ్మలేదు.

హెల్పరు జీతం తప్పే ఖర్చు, ఫోర్‌మన్ జీతం తప్పని ఖర్చు. ఇది ఎవరు తేల్చాలి?

పద్దు చూసి తేల్చలేం. షెడ్డుకు వెళ్లి నిలబడి చూడాలి. నేను ఒక రోజంతా అక్కడ కూర్చున్నాను. హెల్పరు పొద్దున్నే షీట్లు కటింగు మిషను దగ్గరికి మోస్తాడు, కోసిన ముక్కలు ప్రెస్సుకు అందిస్తాడు, సాయంత్రం బకెట్లకు ప్రైమరు కొడతాడు. బకెట్లు లేకపోతే అతనికి పని లేదు. పక్కనే గేటు గ్రిల్స్ చేసే షెడ్డువాళ్లు మనిషి కావాలని అడుగుతున్నారు కూడా. అంటే అతని జీతం నిజంగా తప్పుతుంది. ఫోర్‌మన్ రోజంతా ఎలివేటరు కేసింగులు, కన్వేయర్లు చూసుకుంటూ మధ్యలో వచ్చి డై బిగించి పోతాడు. బకెట్లు ఆగినా ఆయన జీతంలో పైసా తగ్గదు.

యజమానిని నేరుగా అడగండి: "బకెట్లు ఆపితే ఒకటో తారీఖున ఎవరికి జీతం ఇవ్వరు?" పేరు చెప్పగలిగితే తప్పే ఖర్చు. "ఏదో ఒక పనిలో సర్దుతాలే" అంటే అది తప్పని ఖర్చు, 9 రూపాయలను 94 నుంచి తీసేయాలి. అప్పుడు మన ఖర్చు 85కు దిగుతుంది, కొనడం ఇంకా నష్టం.

షీటు లెక్కలో ఎక్కువగా ఏం మరిచిపోతారు?

తుక్కు. బకెట్టుకు పట్టే షీటు ధర 68. కోతలో మిగిలిన ముక్కలు తుక్కుకు వేస్తే 6 రూపాయలు తిరిగొస్తాయి. చాలా షెడ్లలో ఆ తుక్కు డబ్బు పద్దులోకి రాదు, యజమాని జేబులోకో చాయ్ ఖర్చుకో పోతుంది. పద్దులో 68 అనే ఉంటుంది. వెయ్యి బకెట్లకు 6,000 రూపాయలు మనకు వ్యతిరేకంగా పడిపోతాయి. బకెట్లు కొంటే తుక్కు కూడా రాదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంకొకటి: స్టాకులో ఉన్న షీటును పాత బిల్లు ధరకు వేయవద్దు. వాడేసిన షీటుకు బదులు మళ్లీ కొనాలంటే ఈరోజు ఎంత పెట్టాలో ఆ ధర వేయాలి. ఇనుము ధర నెలలో మారుతుంది.

సీజనులో ప్రెస్సుకు తీరిక ఉండదు. అప్పుడు కూడా ఇదే లెక్కా?

కాదు, ఇక్కడ లెక్క మారుతుంది. వానాకాలం వడ్లు అక్టోబరు నుంచి మిల్లులకు రావడం మొదలవుతుంది. అంతకు ముందు రెండు నెలలు మిల్లులన్నీ మరమ్మతులకు దిగుతాయి. జల్లెడ రేకులకు రంధ్రాలు కొట్టివ్వమని జాబ్‌వర్కు వరుసగా వస్తుంది. అది కూడా ఇదే ప్రెస్సు మీద నడవాలి. మిగతా నెలల్లో ప్రెస్సు సగం రోజు ఖాళీగానే ఉంటుంది కాబట్టి బకెట్లు చేస్తే ఏ పనీ ఆగదు. ఆ రెండు నెలల్లో మాత్రం బకెట్లు చేసే ప్రతి గంటా ఒక జాబ్‌వర్కును వెనక్కి పంపుతుంది. ఆ వదులుకున్న మిగులు కూడా బకెట్టు ఖర్చే, ఏ బిల్లులోనూ కనిపించకపోయినా.

ప్రెస్సు మీద గంటకు 25 బకెట్లు దిగుతాయి. వెయ్యికి 40 గంటలు. రెండు నెలల కోసం హెల్పరును తీసేయం, సీజను తర్వాత మళ్లీ దొరకడు. కాబట్టి ఈ కొద్ది కాలానికి అతని జీతం తప్పని ఖర్చు అయిపోయింది. మన ఖర్చు 85, కొనే ధర 108, తేడా 23. గంటకు 25 బకెట్లంటే 575 రూపాయలు. అంటే జాబ్‌వర్కు మీద కూలి, కరెంటు పోను గంటకు 575 కంటే ఎక్కువ మిగిలితేనే బకెట్లు బయట కొనాలి. నిరుడు సీజనులో ఇక్కడ గంటకు 700 మిగిలింది. 40 గంటలకు 28,000 వచ్చింది, బకెట్లకు అదనంగా 23,000 పోయింది, నెలకు 5,000 లాభం. అదే గంటకు 400 మిగిలే పని అయితే, ఎంత రద్దీగా ఉన్నా దాన్ని వెనక్కి పంపి బకెట్లే చేసుకోవాలి.

ఇంత చేశాక యజమాని అన్న మాట: "గంట లెక్క చూసుకోవాలని నాకెవ్వరు చెప్పలే." ఆ తర్వాత ప్రెస్సు పక్కన గోడకు ఒక నోటుబుక్కు వేలాడదీశాడు, ఏ పని ఎన్ని గంటలు నడిచిందో రాయడానికి. అది లేకపోతే ఈ లెక్క వేయలేం.

ఆర్డర్లు తగ్గితే?

హెల్పరు జీతం 9,000 నెలంతటికీ ఇచ్చేది, వెయ్యి బకెట్లు చేసినా మూడు వందలు చేసినా అంతే. బకెట్టుకు 9 అన్నది వెయ్యి ఉన్నప్పటి మాట. చేసుకుంటే ఒక్కో బకెట్టు మీద 23 మిగులుతుంది, దానితో 9,000 నిండాలి. 9,000ను 23తో భాగిస్తే 391 చిల్లర. నెలకు 392 బకెట్లు దాటినంత వరకు చేసుకోవచ్చు. 300కు పడిపోతే మిగిలేది 6,900 మాత్రమే, హెల్పరును వదులుకుని కొనడమే మేలు. ఒక్క నెల పడితే కంగారు వద్దు. వరుసగా మూడు నాలుగు నెలలు పడితే మళ్లీ లెక్క వేయండి.

సప్లయరు బకెట్టు మన బకెట్టు ఒకటేనని ఎలా తెలుస్తుంది?

పది బకెట్లు కాటా మీద పెట్టండి. మనది 1.6 మిల్లీమీటర్ల షీటుతో చేసిన కిలో బరువు బకెట్టు. అదే సైజులో 1.2 మిల్లీమీటర్ల షీటు వాడితే బరువు సరిగ్గా పావు వంతు తగ్గుతుంది, పదింటికి పది కిలోలకు బదులు ఏడున్నర కిలోలు తూగుతాయి. ప్రైమరు కొట్టాక కంటికి తేడా తెలియదు. వడ్ల ఒరిపిడికి పలుచని బకెట్టు అంచు ముందే అరిగిపోతుంది, మిల్లువాళ్లు వచ్చి పట్టుకునేది మనల్ని. ఈ సప్లయరు తెచ్చిన మొదటి నమూనా సరైన బరువే ఉంది, తర్వాత వచ్చిన ఇరవైలో మూడు తేలికగా ఉన్నాయి. అందుకే ధర మాట్లాడేటప్పుడే షీటు మందం, బరువు కాగితం మీద రాయించుకోవాలి.

జీఎస్టీ కలపాలా?

మామూలు పద్ధతిలో రిజిస్టరైన షెడ్డు కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీని తన పన్నులో మినహాయించుకుంటుంది. కాబట్టి షీటుకైనా బకెట్టుకైనా పన్ను లేని ధరలతోనే పోల్చాలి. పై అంకెలన్నీ అలాగే వేశాను. కాంపొజిషన్ స్కీములో ఉంటే ఆ మినహాయింపు లేదు, కట్టిన పన్ను మన ఖర్చే అవుతుంది. అప్పుడు రెండు వైపులా పన్ను కలిపి మొదటి నుంచి లెక్క వేయాలి. కొన్న బకెట్టు మొత్తం ధర మీద పన్ను పడుతుంది, మనం చేసుకుంటే షీటు, ప్రైమరు లాంటి కొన్న సరుకు మీదే పడుతుంది కాబట్టి కొనడం ఇంకా బరువవుతుంది.

ప్రెస్సు పూర్తిగా పాడైపోయి కొత్తది కొనాల్సి వస్తే?

అప్పుడు ప్రెస్సు ధర మునిగిన ఖర్చు కాదు. అడ్వాన్సు ఇవ్వనంత వరకు ఆ 7,80,000 మన చేతిలో ఉన్న డబ్బు, లెక్కలోకి పూర్తిగా వస్తుంది. అయిదేళ్లకు పంచితే నెలకు 13,000. బకెట్లు చేసుకుంటే కొనడం కంటే మిగిలేది 14,000. మిగిలిన 1,000 వడ్డీకే చాలదు. చివర్లో పాత మిషను ధర కొంత వచ్చినా దాదాపు సమానమవుతుంది. బకెట్ల కోసం మాత్రమే అయితే కొత్త ప్రెస్సు కొనమని నేను చెప్పను. సీజనులో జల్లెడ పని నెలకు ఎన్ని గంటలు దొరుకుతుందో గోడ మీది నోటుబుక్కు చూసి, ఆ రాబడిని కలిపాకే నిర్ణయించాలి.

ఒకే మిషను. దుకాణంలో ఉన్నప్పుడు దాని ధర అంతా లెక్కలోకి వస్తుంది, షెడ్డులో బిగించాక దాని అమ్మకం ధర మాత్రమే వస్తుంది. అందుకే ఈ లెక్క వేయాల్సింది కొటేషను చేతికొచ్చిన రోజు, లోను మంజూరయ్యాక కాదు.